మంచుకి ఎన్ని మాటలు? ఇన్యూట్ భాషల లెక్క తప్పిందెక్కడ

"ఎస్కిమోల భాషలో మంచుకి యాభై పదాలున్నాయట" అన్న మాట క్విజ్ పుస్తకంలోనో, వాట్సాప్ ఫార్వర్డ్‌లోనో ఎప్పుడో ఒకప్పుడు కనపడే ఉంటుంది. చెప్పేవాళ్ళని బట్టి ఆ యాభై వంద అవుతుంది, రెండొందలూ అవుతుంది. కొంచెం ఎక్కువ చదివినవాళ్ళు దీనికి విరుగుడుగా ఇంకో మాట చెబుతారు: అదంతా కట్టుకథ, అసలున్నవి రెండే మాటలు అని. ఈ రెండో జవాబు వినడానికి తెలివిగా ఉంటుంది కానీ, మొదటిదాని కంటే పెద్దగా మెరుగైనదేం కాదు. ఏది ఒక మాట, ఏది కాదు అన్నది తేల్చుకోకుండా లెక్కపెట్టడం రెండింటిలోనూ ఉంది.

కథ మొదలైంది ఫ్రాంజ్ బోయాస్ దగ్గర. 1883-84లో కెనడా ఉత్తరాన బాఫిన్ దీవిలో, మనం ఎస్కిమోలనే ఇన్యూట్ జనంతో ఉండి వచ్చిన జర్మన్ పండితుడాయన. తర్వాత అమెరికాలో మానవశాస్త్రానికి పునాది వేశారు. 1911లో అమెరికా ఆదివాసీ భాషల మీద వచ్చిన ఒక పెద్ద సంకలనానికి ముందుమాట రాస్తూ, నాలుగు మాటలు ఉదాహరణగా ఇచ్చారు. నేల మీద పడి ఉన్న మంచు 'అపుట్', పడుతున్న మంచు 'కానా', గాలికి కొట్టుకుపోతున్న మంచు 'పిక్సిర్‌పోక్', గాలి పోగుచేసిన మంచు దిబ్బ 'కిముక్సుక్'. అంతే, నాలుగు. పైగా ఆ పేజీలో ఆయన చెప్పదలచుకున్నది మంచు గొప్పదనం కాదు. దానికి ముందు వాక్యాల్లో ఇంగ్లీషు సంగతే ఉంది. నీరు, చెరువు, నది, వాగు, వాన, మంచుబిందువు, అల, నురుగు అన్నీ నీళ్ళే అయినా ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో విడి మాట ఉంది. ఇంకో భాషలో ఇవన్నీ ఒకే మాట నుంచి పుట్టించుకోవచ్చు కదా అన్నారాయన. ఆ ప్రశ్నకి తిరగేసిన ఉదాహరణగా మంచు వచ్చింది. ఏ భాష ఎక్కడ కొత్త ధాతువు వాడుతుంది, ఎక్కడ ఉన్న ధాతువుకే తోక తగిలిస్తుంది అన్నదే అక్కడి చర్చ. తర్వాత వందేళ్ళు ఈ ఉదాహరణని వాడుకున్నవాళ్ళు సరిగ్గా ఆ చర్చనే వదిలేశారు.

1940లో బెంజమిన్ లీ వోర్ఫ్ దీన్ని అందుకున్నారు. ఉద్యోగరీత్యా ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో అగ్నిప్రమాదాల నివారణ చూసే ఇంజనీరు. భాషాశాస్త్రం ఆయన ప్రేమ, అందులోనూ ముఖ్యంగా అమెరికా నైరుతిలోని హోపీ భాష. ఒక పత్రికా వ్యాసంలో ఆయన, పడే మంచు, నేల మీది మంచు, ఐసులా గట్టిపడిన మంచు, బురదలాంటి మంచు, గాలికి ఎగిరే మంచు ఇన్నింటికీ ఇంగ్లీషులో ఒకటే మాటనీ, అన్నింటినీ కలిపేసే అలాంటి మాట ఎస్కిమోకి ఊహకే అందదనీ రాశారు. అంకె వేయలేదు కానీ బోయాస్ నాలుగు ఇక్కడే పెరగడం మొదలైంది. ఆ వ్యాసం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, పాఠ్యపుస్తకాల నుంచి పత్రికల్లోకి వచ్చింది. 1984 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయంలో అది వంద అయింది.

ఈ పెరుగుదలని ఒక్కో మెట్టూ పట్టుకుని 1986లో బయటపెట్టింది లారా మార్టిన్ అనే మానవశాస్త్రవేత్త. ఆ తర్వాత జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్త 1989లో వెటకారం దట్టించి ఒక వ్యాసం రాశారు, లోకానికి గుర్తున్నది అదే. 1927 నాటి పశ్చిమ గ్రీన్‌లాండ్ నిఘంటువులో మంచుకి సంబంధించి నికరంగా కనిపించే ధాతువులు రెండేనని, ఒకటి 'కానిక్', రెండోది 'అపుట్' అని ఆయన ఎత్తిచూపారు. 'రెండే' అన్న జవాబు ప్రచారంలోకి వచ్చింది అలా.

ఇక్కడ ఆగి ఒక తెలుగు మాట చూద్దాం: 'చెప్పలేకపోయాను'. ఇది ఒక మాటా, నాలుగు మాటలా? రాసేటప్పుడు మధ్యలో ఖాళీ వదలం, పలికేటప్పుడు ఆగం. కాబట్టి ఒకటే. ఇంగ్లీషువాళ్ళు ఇదే చెప్పాలంటే నాలుగైదు మాటలు పేర్చుకోవాలి. ఇక చెప్పలేకపోయావు, చెప్పలేకపోయిందేమో, చెప్పలేకపోతున్నానని, చెప్పలేకపోయినందుకు... ఇలా కూర్చుంటే సాయంత్రానికి కొన్ని వందలవుతాయి. ఎవరో విదేశీయుడు వచ్చి వీటన్నిటినీ నోట్‌బుక్కులో రాసుకుని, తెలుగువాళ్ళకి 'చెప్పడా'నికి ఐదొందల పదాలున్నాయి, వీళ్ళు ఎంత మాటకారులో అని రాస్తే మనకి నవ్వొస్తుంది. మాటకారులమే కావచ్చు, కానీ రుజువు అది కాదు.

ఇన్యూట్ భాషలు ఈ దారిలో తెలుగు కంటే చాలా దూరం వెళ్తాయి. గ్రీన్‌లాండ్ భాషలో ఇంటిని 'ఇల్లు' అంటారు. నిజంగానే, మన 'ఇల్లు' లాగే వినపడుతుంది. చుట్టరికమేమీ లేదు, వట్టి కాకతాళీయం. దానికి 'పెద్ద' అనే ప్రత్యయం తగిలిస్తే 'ఇల్లోర్సువాక్', పెద్ద ఇల్లు. 'కట్టు' అనే ప్రత్యయం తగిలిస్తే 'ఇల్లులియోర్పోక్', అతను ఇల్లు కడుతున్నాడు. రెండూ కలిపితే 'ఇల్లోర్సువాలియోర్పోక్', అతను పెద్ద ఇల్లు కడుతున్నాడు. కర్త, కర్మ, క్రియ, విశేషణం అన్నీ ఒకే మాటలో కూర్చున్నాయి. ఇలాంటి ప్రత్యయాలు ఆ భాషలో వందల సంఖ్యలో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవచ్చు. కెనడా వైపు ఇదే మాట 'ఇగ్లు'. ఇంగ్లీషులోకి వెళ్ళి మంచు గుడిసెగా స్థిరపడింది కానీ, వాళ్ళకి చెక్కతో కట్టినా సిమెంటుతో కట్టినా ఇగ్లూయే.

కాబట్టి ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నది మాట అనుకుంటే, మంచుకి ఎన్ని మాటలంటే లెక్కలేనన్ని. కానీ అలాంటప్పుడు చేపకీ, చొక్కాకీ, చుట్టంకీ కూడా లెక్కలేనన్నే. మంచు ప్రత్యేకత అందులో ఏమీ మిగలదు. ఇన్యూట్ భాషలకి చుట్టమైన అలాస్కాలోని యూపిక్ భాషలో ఒక్క నామవాచకానికి విభక్తులు, వచనాలు, 'నా', 'నీ' వంటి సంబంధాలు కలిపితే సుమారు 280 రూపాలొస్తాయని లెక్కగట్టినది ఆంథొనీ వుడ్‌బరీ అనే భాషాశాస్త్రవేత్త. ఒకే ఒక్క మంచు మాట నుంచి 280! యాభై అని ఆశ్చర్యపోయేవాళ్ళు నిజానికి చాలా తక్కువ చెబుతున్నారు.

అందుకే వుడ్‌బరీ 1991లో రూపాలు పక్కనపెట్టి, నిఘంటువులో విడి పదంగా వచ్చేవాటినే లెక్కపెట్టారు. 1984లో వచ్చిన యూపిక్ నిఘంటువు ఒకటి తీసుకుంటే పదిహేను దాకా తేలాయి. వాటిలో కొన్ని చూస్తే ఆ పని స్వభావం అర్థమవుతుంది. 'మురువానెక్' అంటే కాలు దిగబడే మెత్తటి లోతైన మంచు. 'కనిస్కినెక్' నీళ్ళ మీద పడి తేలుతున్న మంచు. 'నవ్‌చాక్' కొండచరియ అంచున వేలాడుతూ కూలడానికి సిద్ధంగా ఉన్న మంచు చూరు. 'ఉత్‌వాక్' కోసి తీసిన మంచు దిమ్మ. పదిహేను అంటే ఎక్కువా, తక్కువా? ఇంగ్లీషులోనూ తడి మంచుకి, మంచు తుఫానుకి, కొండ మీంచి విరిగిపడే మంచుకి, వానతో కలిసి పడే మంచుకి విడివిడి మాటలున్నాయి, పేర్చి చూస్తే దాదాపు అంతే తేలతాయి. వుడ్‌బరీ చెప్పినదీ అదే.

ఇది పాత కోతల కంటే ఎంతో నిజాయితీ గల లెక్క. అయినా ధాతువుల లెక్కకి కూడా ఒక చిక్కుంది, దాన్ని తెలుగులో చూడటమే తేలిక. 'పొగమంచు' అన్న మాట తీసుకోండి. పొగ ఒక మాట, మంచు ఒక మాట. ధాతువులే లెక్కపెట్టేవాడు దీన్ని కొట్టేస్తాడు, కొత్తదేం లేదు, రెండూ ముందే వచ్చాయి అంటాడు. కానీ పొగమంచు పొగా కాదు, గడ్డకట్టే మంచూ కాదు. జనవరి పొద్దున హైవే మీద లారీ హెడ్‌లైట్లని మింగేసే ఆ తెల్లటి తెర ఏమిటో, రెండు ముక్కల అర్థాలూ కలిపినంత మాత్రాన తెలియదు. ఎవరో ఒకరు నేర్పాలి. నేర్చుకుంటే తప్ప తెలియనిది ఏదైనా విడి మాటే, లోపల ఎన్ని ముక్కలున్నా సరే.

ఇన్యూట్ భాషల్లో ఇలాంటివి బోలెడు. సముద్రం మీది ఐసుని 'సికు' అంటారు. దాని నుంచి పుట్టినది 'సికులియాక్', అంటే కొత్తగా కట్టిన లేత ఐసు. పుట్టుక చూస్తే ఇది సికుకి తోక మాత్రమే. కానీ వేటగాడికి సికు మీద నిలబడటం, సికులియాక్ మీద నిలబడటం ఒకటి కాదు. రెండోది అతన్ని మోస్తుందో లేదో చూసుకుని అడుగేయాలి. అలాస్కా విశ్వవిద్యాలయం నడిపే ఒక సముద్ర పరిశోధన నౌకకి ఈ పేరే పెట్టారు. దీన్ని లెక్కలోంచి కొట్టేసి 'రెండే ధాతువులు' అంటే, పొగమంచుని కొట్టేసినట్టే. అసలు జనం నోట్లో మంచు మాటే ఎందుకు నానిందో కానీ, ఆ తీరాల్లో బతుకు ఎక్కువగా ఆధారపడేది సముద్రపు ఐసు మీద. అది ఎప్పుడు కడుతుంది, ఎక్కడ పగులుతుంది, ఒడ్డుకి అంటి ఉన్నదేది, కొట్టుకుపోయేదేది అన్నదాని మీదే వేటా ప్రయాణమూ నడుస్తాయి.

మాటల సంఖ్య వదిలేసి ఒకే మాటని దగ్గరగా చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 'పుకాక్' అని ఉంది. నేలకి ఆనుకుని, మంచు పొర అడుగున ఉండే గరుకు పలుకుల మంచు ఇది. ఉప్పులా, ముతక పంచదారలా ఉంటుంది, గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టదు, జారిపోతుంది. ఇలా ఎందుకవుతుందంటే, పైన గాలి సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్నా, దుప్పటిలా కప్పిన మంచు అడుగున నేల దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. కింద వెచ్చన, పైన చలి. అడుగు మంచు నుంచి ఆవిరి లేచి పైకి పోతుంటుంది, పోతూ పోతూ పైపలుకుల మీద మళ్ళీ గడ్డకడుతుంది. వారాల తరబడి ఇలా జరిగితే చిన్న పలుకులు మాయమై, వాటి స్థానంలో పెద్దవి, కోణాలు తేలినవి, ఒకదానికొకటి సరిగా అంటుకోనివి మిగులుతాయి. మంచు పలచగా ఉండి చలి తీవ్రంగా ఉన్నచోట ఇది బాగా పెరుగుతుంది.

ఈ మాట ఎవరికి పనికొస్తుంది? మంచు గుడిసె కట్టేవాడికి దిమ్మలు కోయాలంటే గాలి కొట్టి కొట్టి గట్టిపరిచిన మంచు కావాలి, అందులోనూ ఒకే తుఫానులో పేరుకున్నదైతే మంచిది, పొరల దగ్గర విరగదు. పుకాక్ అందుకు బొత్తిగా పనికిరాదు. కానీ అదే వదులు పొరలో ఎలుక జాతి జంతువులు చలికాలమంతా దారులు చేసుకుని తిరుగుతాయి, పైన ఎంత చలి ఉన్నా వాటికి అక్కడ గడిచిపోతుంది. కొండల్లో అయితే అడుగున ఈ పొర ఉంటే పైనున్న బరువంతా ఒక్కసారిగా జారుతుంది. గత శతాబ్దం మధ్యలో విలియం ప్రూయిట్ అనే జీవశాస్త్రవేత్త వాయవ్య అలాస్కాలోని కోబుక్ లోయ ఇన్యూపియాక్ జనం దగ్గర్నుంచి ఈ మాటని తీసుకుని మంచు పరిశోధనలో వాడుకలోకి తెచ్చారు. దాంతోపాటు చెట్ల కొమ్మల మీద నిలిచిన మంచుకి 'కాలి', గాలికి బిగిసిన గట్టి మంచుకి 'ఉప్సిక్' అన్నవీ తెచ్చారు. ఇంగ్లీషులో పుకాక్‌కి సమానమైన మాట లేకపోలేదు. మంచు పరిశోధకులకీ, స్కీయింగ్ చేసేవాళ్ళకీ తెలుసు. లండన్‌లో ఆఫీసుకెళ్ళే మనిషికి తెలియదు, అవసరం లేదు కాబట్టి.

'కాలి' దగ్గర ఇంకో సంగతి. కోబుక్ లోయలో స్ప్రూస్ చెట్లున్నాయి కాబట్టి కొమ్మల మీది మంచుకి మాట కావాలి. చెట్టన్నదే లేని బాఫిన్ దీవిలో దానితో పనేముంది? జనం 'ఎస్కిమో భాష' అని ఒకటున్నట్టు మాట్లాడతారు కానీ అలాంటిది లేదు. సైబీరియా కొస నుంచి అలాస్కా, కెనడా మీదుగా గ్రీన్‌లాండ్ దాకా పరుచుకున్న ఒక భాషా కుటుంబం అది. అందులో యూపిక్ భాషలు ఒక కొమ్మ, ఇన్యూట్ మాండలికాల గొలుసు ఇంకో కొమ్మ, ఒక కొమ్మ వాళ్ళ మాట ఇంకో కొమ్మ వాళ్ళకి అర్థం కాదు. 'ఎస్కిమో' అన్న పేరునే కెనడాలోనూ గ్రీన్‌లాండ్‌లోనూ చాలామంది ఇష్టపడరు. అలాస్కాలో ఒక మాట, కెనడా తూర్పున లాబ్రడార్‌లో ఒక మాట ఏరి ఒకే సంచిలో వేసి చూపించే జాబితాలు తెలుగు, కన్నడం, తమిళం నిఘంటువుల్ని కలిపి 'దక్షిణాది భాషలో వానకి ఇన్ని పదాలు' అన్నట్టుంటాయి.

మరి కట్టుకథ అని కొట్టిపారేసినవాళ్ళదే చివరి మాటా అంటే, కాదు. 2010లో ఇగోర్ క్రుప్నిక్, లుడ్‌గర్ ముల్లర్-విల్లే అనే ఇద్దరు బోయాస్ పాత రాతల్నీ, ఒక్కో మాండలికానికి స్థానికులతో కలిసి చేసిన కొత్త పదకోశాల్నీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. బోయాస్ ఆ నాలుగే కాదు, బాఫిన్‌లో అంతకంటే చాలా ఎక్కువే సేకరించారని తేలింది. కెనడాలోని నునావిక్ మాండలికం ఒక్కదానిలోనే మంచుకి సంబంధించి కనీసం 53 విడి మాటలు లెక్కకొచ్చాయి. వాటిలో 'మత్సారుటి' ఒకటి, స్లెడ్జి బండి పట్టాల కింద పూసి ఐసు పొర కట్టించడానికి పనికొచ్చే తడి మంచు. అంటే ఏ మాండలికమో చెప్పి, ఏది మాటో చెప్పి లెక్కపెడితే ఆ 'యాభై' మరీ అంత దూరంగా ఏమీ లేదు. తప్పుడు దారిలో వెళ్ళినవాళ్ళు అనుకోకుండా సరైన ఊరి పొలిమేరలో తేలారు. 2025లో 616 భాషల నిఘంటువుల్ని కంప్యూటర్‌తో పోల్చిన ఒక అధ్యయనంలో కూడా, మంచు విషయంలో ముందు వరసలో నిలిచినవాటిలో తూర్పు కెనడా ఇన్యూట్ భాష ఇనుక్టిటుట్ ఉంది. కాకపోతే నిఘంటువు అంటే దాన్ని రాసినవాడి ఆసక్తి కూడా. మంచు మాటల కోసమే వెతికినవాడికి అవే ఎక్కువ దొరుకుతాయి.

ఇదే కారణంగా అంకెని చూసి బెదిరిపోనక్కరలేదు. 2015లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు స్కాట్స్ భాషలో మంచు మాటలు 421 అని ప్రకటించారు. శతాబ్దాల పాత సాహిత్యమంతా గాలిస్తే వచ్చిన లెక్క అది. ఆ మాటకొస్తే మన పండితులు చిన్నప్పుడు వల్లె వేసిన అమరకోశంలోనే మంచుకి అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడు వరసగా ఉన్నాయి. వాటిని ఛందస్సు కోసం పద్యంలో ఇమిడించిన తెలుగు కవుల్లో ఎంతమంది మంచుని కళ్ళతో చూశారో! పర్యాయపదాలు వేరు, తేడాలు చెప్పే మాటలు వేరు. మురువానెక్‌కి, ఉత్‌వాక్‌కి మధ్య ఉన్న తేడా తుషారానికీ తుహినానికీ మధ్య లేదు.

ఇక వోర్ఫ్ నుంచి జనం పట్టుకొచ్చిన అసలు ముగింపు, మాట లేకపోతే మనిషికి తేడా తెలియదన్నది. దీనికి తెలుగువాళ్ళే మంచి పరీక్ష. మనకి ఆకు మీది నీటిబొట్టు మంచే, పొలం మీద కమ్మినది మంచే, హిమాలయాల మీద తెల్లగా ఉన్నది మంచే, ఫ్రిజ్‌లో పేరుకున్నదీ మంచే. అయినా గడ్డి మీది మంచుని గ్లాసులో వేసుకోవడానికి ఎవరూ వెళ్ళరు. చిక్కు వచ్చేది అప్పుడప్పుడూ, వార్తలు చదివేటప్పుడు. 'ఆంధ్రా కశ్మీర్' అని పేరుపడ్డ లంబసింగిలో మంచు అని హెడ్డింగు చూసి, నిజం కశ్మీర్‌లోలా తెల్లగా కురుస్తుందనుకుని బయల్దేరినవాడికి అక్కడ దొరికేది దట్టమైన పొగమంచూ చలీ. ఆలోచనకి అడ్డం రాలేదు కానీ, సమాచారం జారిపోయింది.

ఇది తెలుగు లోపం కాదని 2016లో వచ్చిన ఒక పరిశీలన చూస్తే తెలుస్తుంది. టెర్రీ రీగియర్, అతని తోటివాళ్ళు ప్రపంచంలోని ఎన్నో భాషల్ని వాతావరణంతో పోల్చి చూశారు. ఆకాశం నుంచి పడే మంచుకీ, గడ్డకట్టిన నీళ్ళకీ ఒకే మాట వాడే భాషలు ఎక్కువగా వెచ్చటి ప్రాంతాల్లోనే ఉన్నాయి. రెండూ అరుదుగా తగిలేచోట ఒక మాటతో పని జరిగిపోతుంది, రోజూ తగిలేచోట విడిపోతాయి.

విడిపోవడానికి వెయ్యేళ్ళేం పట్టదు. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్న తెలుగింట్లో జనవరి నెల ఫోను సంభాషణ వింటే చాలు. "రాత్రంతా స్నో పడింది, పొద్దున్నకి అంతా ఐస్ అయిపోయింది, బయటికి రాకు, జారతావు." అందులో మంచు అన్న మాటే ఉండదు. ఆ మాట వాళ్ళ నోట మళ్ళీ వినపడేది, సంక్రాంతికి ఇంటికొచ్చి తెల్లవారుజామున డాబా మీద నిలబడ్డప్పుడు.